22 మందా, 90 మందా? ఆన్‌లైన్ కోర్సు అసలు లెక్క

అమీర్‌పేటలో ట్యాలీ నేర్పే చిన్న ఇన్‌స్టిట్యూట్ ఒకటి ఉందనుకుందాం. రెండు గదులు, పాతిక కంప్యూటర్లు, ఇద్దరు ఫ్యాకల్టీ. ట్యాలీ, జీఎస్టీ పాఠాలను 12 గంటల వీడియోలుగా తీసి పెడితే ఖమ్మంలోనో కర్నూలులోనో ఉన్న బీకాం పిల్లలు కూడా చేరతారని యజమాని ఆశ. ఆయన కాగితం మీద వేసుకున్న లెక్క ఇది: మైకుకూ, గదిలో శబ్దం తగ్గించే ఏర్పాట్లకూ 25 వేలు, ఎడిటింగ్‌కు 30 వేలు, ప్లాట్‌ఫామ్‌కు ఏడాదికి 48 వేలు. అన్నీ కలిపి లక్షా 3 వేల రూపాయలు. ఫీజు 4,720. అంటే 22 మంది చేరితే పెట్టిన డబ్బు తిరిగొచ్చేసినట్టే.

ఈ అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే, ఊరిని బట్టి మారతాయి. కానీ చాలా ఇన్‌స్టిట్యూట్లలో ఆన్‌లైన్ కోర్సుకు బడ్జెట్ ఇలాగే మొదలవుతుంది. కూడికలో తప్పేమీ లేదు. కూడాల్సినవే సగం బయట ఉండిపోయాయి.

వాటిలో అన్నిటికన్నా పెద్దది ఫ్యాకల్టీ సమయం. ‘సారుకు ఎలాగూ జీతం ఇస్తున్నాం, పాఠం ఆయనకు కొట్టినపిండే, కెమెరా ముందు చెబితే సరిపోతుంది’ అన్న ధీమాతో దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. తరగతి గదిలో పిల్లల ముఖం చూసి పాఠం నడిపే మనిషికి వీడియో వేరే పని. ఏ నిమిషంలో ఏ స్క్రీను కనిపించాలో ముందే రాసుకోవాలి. నమూనా బిల్లులు తయారుచేసుకోవాలి. వోచర్ ఎంట్రీలో ఒక్క అంకె తప్పుపడినా మళ్లీ మొదటి నుంచి రికార్డు చేయాలి. ఎడిటర్ పంపిన వీడియోను కూర్చుని సరిచూడాలి. 2010లో చాప్‌మన్ అలయన్స్ అనే సంస్థ చేసిన అధ్యయనంలో, బాగా సాదాసీదాగా ఉండే గంట ఈ-లెర్నింగ్ పాఠానికి అందరి శ్రమా కలిపి సగటున 79 గంటలు పడుతోందని తేలింది. స్క్రీన్ రికార్డింగ్ పాఠానికి అంత అక్కర్లేదు. అయినా ఒక గంట వీడియోకు ఫ్యాకల్టీవే 15 గంటలు పోతాయనుకోవడం అతిశయమేమీ కాదు. 12 గంటల కోర్సుకు 180 గంటలు. గంటకు 400 చొప్పున 72 వేలు. ఆ గంటల్లో ఆయన బ్యాచ్ చెప్పలేడు కాబట్టి ఆ మేరకు మరొకరిని పెట్టుకోవాలి, లేదా బ్యాచ్ వదులుకోవాలి.

ప్రాక్టీసు బిల్లులు, ప్రశ్నల బ్యాంకు తయారీకి 20 వేలు, ఒక చార్టర్డ్ అకౌంటెంట్ చేత పాఠాలన్నీ ఒకసారి తనిఖీ చేయించడానికి 15 వేలు కలపాలి. కంటెంట్ ఖర్చే లక్షా 62 వేలకు చేరింది.

ప్లాట్‌ఫామ్ సంగతి త్వరగానే తేలుతుంది. మూడిల్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితమే. కానీ దానికి సర్వర్ అద్దె కట్టాలి, అది మొరాయించినప్పుడు సరిచేసే మనిషి కావాలి. ఇద్దరు ఫ్యాకల్టీ ఉన్న చోట ఆ మనిషి ఉండడు కాబట్టి నెలవారీ చందా కట్టే ప్లాట్‌ఫామే నయం.

మరో ఖర్చు ఏడాది తిరిగాక గానీ కనబడదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ స్లాబులు మారాయి. సిమెంటు 28 శాతం నుంచి 18 శాతానికి, నెయ్యి 12 నుంచి 5 శాతానికి దిగాయి. సిమెంటు బిల్లుకు 28 శాతం వేసి చూపిస్తున్న పాఠం ఆ రోజుతో తప్పుల పాఠమైపోయింది. ఆ బిల్లు గంట వీడియో మధ్యలో ఉంటే అతుకు వేయడం కష్టం. గొంతు, గది శబ్దం, స్క్రీను మీది తేదీ ఏవీ కలవవు, గంటా మళ్లీ తీయాల్సిందే. పాఠాన్ని ఏడెనిమిది నిమిషాల ముక్కలుగా తీసి, పన్ను రేట్లు కనిపించే ముక్కలను విడిగా ఉంచిన వాళ్లు ఆ కొన్నింటినే మార్చుకుంటారు. అంత జాగ్రత్తపడ్డా ఏటా 30 వేలైనా పక్కన పెట్టుకోవాలి. ఇప్పుడు మొదటి ఏడాది స్థిర ఖర్చు మొత్తం 2 లక్షల 40 వేలు.

పాఠం చెప్పింది జీతానికి ఉన్న ఉద్యోగి కాకుండా బయటి ఫ్యాకల్టీ అయితే, డబ్బుతో పాటు కాగితమూ ముఖ్యం. కాపీరైటు బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. అందులో ఎంతకాలమో రాయకపోతే చట్టం ప్రకారం అయిదేళ్లకే అన్నట్టు. ఎక్కడెక్కడ వాడుకోవచ్చో రాయకపోతే భారతదేశం వరకే. డల్లాస్‌లోని తెలుగువాళ్లకు కూడా అమ్ముదామనుకునే ఇన్‌స్టిట్యూట్ ఈ రెండు వాక్యాలు మరిచిపోకూడదు.

ఇక రాబడి. ఫీజు 4,720 అన్నప్పుడు అందులో 720 రూపాయలు ఇన్‌స్టిట్యూట్‌వి కావు. ప్రైవేటు శిక్షణ మీద 18 శాతం జీఎస్టీ ఉంది, సేవలకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. మిగిలిన 4 వేలలో పేమెంట్ గేట్‌వే 110 దాకా తీసుకుంటుంది. ఒక అడ్మిషన్ రప్పించడానికి ఫేస్‌బుక్, యూట్యూబ్ ప్రకటనలకు 800 అనుకుందాం. ఆ తర్వాత డౌట్లు. ‘సార్, బ్యాలెన్స్ షీట్ టాలీ కావట్లేదు’ అని రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఫొటో పెట్టే విద్యార్థికి ఎవరో ఒకరు జవాబివ్వాలి. మనిషికి సగటున ఒక గంట లెక్కేసినా 400. ఈ 400 మిగుల్చుకుందామని చూస్తే పిల్లలు మూడో పాఠం దగ్గరే ఆగిపోతారు, తోటివాళ్లకు చెప్పడం మానేస్తారు, అప్పుడు ప్రకటనల ఖర్చు పెరుగుతుంది.

అన్నీ పోగా ఒక్కో విద్యార్థి వల్ల చేతిలో మిగిలేది 2,690. రెండు లక్షల 40 వేలను దీంతో భాగిస్తే 90 మంది కావాలి, 22 కాదు.

మరి 90 మంది వస్తారా? ఇక్కడ ఊహాగానం పనికిరాదు, ఫోన్ దగ్గరున్న ఎంక్వైరీ రిజిస్టరే చెప్పాలి. ఆన్‌లైన్‌లో ఉందా అని నెలకు 60 మంది అడుగుతున్నారనీ, పదిమందిలో ఒకరు చేరతారనీ అనుకుంటే నెలకు ఆరుగురు, ఏడాదికి 72 మంది. మొదటి ఏడాది 46 వేల పైచిలుకు నష్టం. రెండో ఏడాది రికార్డింగ్ ఖర్చు ఉండదు. ప్లాట్‌ఫామ్‌కూ, మార్పులకూ కలిపి 78 వేలే. 29 మందితో అది వచ్చేస్తుంది, 72 మంది చేరితే లక్షా 15 వేలు మిగులుతుంది. అంటే ఇది రెండేళ్ల బడ్జెట్. మొదటి ఏడాది లోటును తట్టుకునే డబ్బు చేతిలో ఉన్నవాళ్లే దిగాలి. ఆ 72 మందిలో ఎందరు మామూలుగా అయితే 8 వేలు కట్టి తరగతికి వచ్చేవాళ్లో కూడా చూడాలి. అలాంటివారు పదిమంది ఆన్‌లైన్‌కు మళ్లితే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

కెమెరా కొనకముందే అదే కోర్సును సగం ఫీజుకు జూమ్‌లో ఒక లైవ్ బ్యాచ్‌గా నడిపితే చాలా సందేహాలు తీరతాయి. ఫ్యాకల్టీ సమయం తప్ప దానికి పెద్ద ఖర్చు లేదు. పిల్లలు ఎక్కడ ఆపి అడిగారో రాసి పెట్టుకుంటే వీడియోల స్క్రిప్టుకు అదే ముడిసరుకు. నెలంతా ప్రకటన ఇచ్చినా ఆ బ్యాచ్‌కు పదిమంది కూడా రాకపోతే, 2 లక్షల 40 వేలు ఇంకా బ్యాంకులోనే ఉంటాయి.