నలుగురు వేరు, నలుగురే వేరు

పరిశోధన వ్యాసంలో ‘ఫలితాలు’ అనే భాగం, దాని వెనకే ‘చర్చ’ అనే భాగం ఉంటాయి. ఏం కనిపించిందో మొదటిది చెబుతుంది, కనిపించినదానికి అర్థమేమిటో రెండోది చెబుతుంది. ఇది పరిశోధన విద్యార్థులందరికీ తెలిసిందే. అయినా వాళ్ల ఫలితాల మొదటి పేరా తీసి చూడండి, తీర్పు అప్పుడే వచ్చేసి ఉంటుంది. ఏళ్ల తరబడి చేసిన పని చేతికి అందాక ఉండబట్టలేక అసలు మాట ముందే అనేస్తారు. నేనూ అన్నవాణ్ణే.

ఎలా దిద్దుకోవాలో చూడటానికి ఒక పాత ప్రయోగం తీసుకుందాం. క్షయ రోగానికి స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అని బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 1947లో పరీక్ష మొదలుపెట్టింది. ఫలితాలు 1948లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. రెండు ఊపిరితిత్తులకూ క్షయ సోకి ముదురుతున్న యువతీయువకులను ఎంచుకున్నారు. ఎవరికి మందు, ఎవరికి మందు లేకుండా మంచం మీద విశ్రాంతి అన్నది డాక్టరు ఇష్టానికి వదలలేదు. ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే గణాంక శాస్త్రవేత్త ముందుగా సిద్ధం చేసి, మూసి పెట్టిన కవర్లలో ఏముంటే అదే.

ఈ ప్రయోగం అంకెలతో ఒక చెడ్డ మొదటి పేరా రాస్తున్నాను. ఇది నేను కల్పించింది, ఆ వ్యాసంలోది కాదు.

“స్ట్రెప్టోమైసిన్ క్షయకు అద్భుతంగా పనిచేస్తుందని మా ఫలితాలు నిరూపించాయి. మందు ఇవ్వడంతో మరణాలు బాగా తగ్గాయి. మందు తీసుకున్నవారిలో సగానికి పైగా కోలుకోగా, విశ్రాంతి తీసుకున్నవారిలో నలుగురే కోలుకున్నారు.”

‘అద్భుతంగా’, ‘నిరూపించాయి’, ‘బాగా’ అనేవి ఎవరికైనా కనిపించే తప్పులు. వాటిని కొట్టేసి పని అయిపోయిందనుకుంటారు. అసలు చిక్కు మిగిలినవాటిలో ఉంది.

‘మరణాలు తగ్గాయి’ అన్నది చూడండి. తగ్గడమంటే ఇంతకుముందు ఎక్కువగా ఉండి, ఇప్పుడు తక్కువ కావడం. ఇక్కడ అలాంటిదేమీ జరగలేదు. ఒకే సమయంలో రెండు గ్రూపులు ఉన్నాయి, ఒక గ్రూపులో చనిపోయినవారు తక్కువ. ‘తక్కువగా ఉన్నాయి’ అంటే చూసింది చెప్పినట్టు. ‘తగ్గాయి’ అంటే ఏదో వాటిని తగ్గించిందని అప్పుడే ఒప్పుకున్నట్టు.

దాని ముందున్న ‘ఇవ్వడంతో’ ఇంకా గడుసుది. ‘వల్ల’ అని రాస్తే కారణం చెబుతున్నామని రాసేవాడికే తెలుస్తుంది, చెయ్యి ఆగుతుంది. ‘తో’ చప్పుడు చెయ్యదు. వాన పడటంతో ఆట ఆగింది అన్నప్పుడు వానే కారణమని ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు కదా. నిజానికి ఇలా కవర్లతో పంచిన ప్రయోగంలో మందే కారణమని వాదించే హక్కు పరిశోధకుడికి బాగానే ఉంది. ఆ వాదన చర్చలో చెయ్యాలి. అక్కడైతే దానికి అడ్డొచ్చే సందేహాలను కూడా పక్కనే పెట్టాల్సి వస్తుంది.

‘కోలుకోగా’ అన్నది తప్పు కూడా. ఎవరు కోలుకున్నారో ఆ ప్రయోగం కొలవలేదు. మొదటి ఎక్స్‌రే, ఆరు నెలల తర్వాతి ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి ఇద్దరు రేడియాలజిస్టులు, ఒక వైద్యుడు ఎవరికి వారు చూశారు. అది ఏ గ్రూపు రోగిదో వాళ్లకు తెలియదు. మార్పును వాళ్లు కొన్ని మెట్లుగా విడదీశారు. అందులో పై మెట్టు ‘గణనీయమైన మెరుగుదల’. మామూలుగా ‘గణనీయం’ అనే మాట నేను కొట్టేసే మొదటి మాటల్లో ఒకటి. ఇక్కడ మాత్రం ఉంచుతాను, ఎందుకంటే ఇది రాసేవాడి మెచ్చుకోలు కాదు, ఏ గ్రూపో తెలియకుండా చూసినవాళ్లు వేసిన గుర్తు. విశేషణం ఉందా లేదా అన్నది కాదు ప్రశ్న, అది ఎవరిది, ఎప్పుడు నిర్ణయించింది అన్నది ప్రశ్న.

చివరికి ‘నలుగురే’. తెలుగులో అభిప్రాయం దూరడానికి ఒక్క అచ్చు చాలు. నలుగురు అంటే లెక్క. నలుగురే అంటే ఇంకా ఎక్కువమంది ఉండాల్సిందని మన ఆశ. ‘మాత్రమే’, ‘ఏకంగా’, ‘సైతం’ అన్నీ ఈ కుటుంబమే. ‘సగానికి పైగా’ కూడా అంతే. ఉన్నది 55 మందిలో 28 మంది, అంటే సగం దాటింది ఒక్క అడుగు.

ఇప్పుడు తిరగరాద్దాం. పేరా మొదలవ్వాల్సింది జవాబుతో కాదు, మనుషుల లెక్కతో.

“పరీక్షకు 109 మందిని తీసుకోగా, చికిత్సకు ముందు పరిశీలనలో ఉంచిన వారంలో ఇద్దరు మరణించారు. మిగిలిన 107 మందిలో 55 మందికి స్ట్రెప్టోమైసిన్, విశ్రాంతి. 52 మందికి మందు లేకుండా విశ్రాంతి ఇచ్చాం. ఆరు నెలల చివరికి మందు గ్రూపులో నలుగురు (7 శాతం), రెండో గ్రూపులో 14 మంది (27 శాతం) మరణించారు. ఎక్స్‌రేలో గణనీయమైన మెరుగుదల మందు గ్రూపులో 28 మందిలో (51 శాతం), రెండో గ్రూపులో నలుగురిలో (8 శాతం) కనిపించింది.”

చప్పగా ఉందంటారా? 7, 27 పక్కపక్కన ఉన్నాక ‘బాగా’ ఎవరికి కావాలి? స్ట్రెప్టోమైసిన్ మీద నమ్మకం లేని డాక్టరుకు ఈ పేరా ఇచ్చినా ఒక్క మాట కూడా కొట్టేయలేడు. నేను వాడే పరీక్ష అదే.

అయినా ఇందులో ఇంకో దోషం మిగిలే ఉంది, నాకూ ఆలస్యంగా తట్టింది. మాటల్లో అభిప్రాయం లేకపోయినా ఎంపికలో ఉంది. నాకు అనుకూలమైన రెండు మెట్లే ఏరుకున్నాను: మరణం, గొప్ప మెరుగుదల. మధ్యలోవి వదిలేశాను. మందు తీసుకున్నా 11 మంది ఎక్స్‌రేలు ముందుకంటే క్షీణించాయి. అటు మందు లేని గ్రూపులో మరో 13 మందికి ఒక మాదిరిగానో కొద్దిగానో మెరుగుదల కనిపించింది. ముందు చెప్పిన నలుగురిని కలిపితే 17 మంది, దాదాపు మూడో వంతు, మందు లేకుండానే ఎంతో కొంత మెరుగైనట్టు. విశ్రాంతి గ్రూపు లేకుండా ప్రయోగం చేసి ఉంటే ఇలాంటి మెరుగుదల అంతా మందు ఖాతాలో పడేది. కాబట్టి పేరాకు మరో వాక్యం కలపాలి: “మెరుగుదల ఏ మేరకైనా కనిపించినవారు మందు గ్రూపులో 38 మంది, రెండో గ్రూపులో 17 మంది, క్షీణత కనిపించినవారు వరుసగా 11 మంది, 18 మంది, చెప్పుకోదగ్గ మార్పు లేనివారు ఇద్దరు, ముగ్గురు.” మరణాలతో కలిపి కూడితే 55, 52 సరిపోతాయి. అలా సరిపోకపోతే ఎవరినో దాచామన్నమాట.

‘ఆరు నెలల చివరికి’ అన్న మాటలు మాత్రం ఎవరు కొట్టేయమన్నా కొట్టేయకండి. ఏడాది తిరిగేసరికి మందు గ్రూపులో మరణాలు 12, రెండో గ్రూపులో 24.