మాగాయ ఊట ఎక్కడి నుంచి వచ్చింది?

మాగాయ పెట్టేటప్పుడు పచ్చి మామిడికాయల తొక్క తీసి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో పెడతారు. చుక్క నీళ్ళు పొయ్యరు, తడి గరిటె కూడా తగలనివ్వరు. అయినా మూడో రోజు మూత తీసి చూస్తే ముక్కలు మెత్తబడి, అడుగున ఊట చేరి ఉంటుంది. ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో "ఈ నీళ్ళు ఎక్కడివి?" అని అడిగితే మనలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: "ఆస్మాసిస్. ఉప్పు నీళ్ళని లాగేస్తుంది." ఈ జవాబుకి పరీక్షలో మార్కులు పడతాయి. కానీ "ఉప్పు ఎలా లాగుతుంది?" అని ఇంకో ప్రశ్న వేస్తే కథ ఆగిపోతుంది. ఆ రెండో ప్రశ్నకి జవాబు చూద్దాం. మామిడికాయకి సీజన్ కావాలి కాబట్టి, ముందు ఎప్పుడూ దొరికే కీరదోసకాయతో మొదలుపెడదాం.

కీరలో 95 శాతం నీరే. కానీ ఆ నీరు కుండలో పోసినట్టు ఒక్కచోట ఉండదు. కంటికి కనపడని లక్షల కణాల్లో విడివిడిగా ఉంటుంది. ఒక్కో కణాన్ని సైకిల్ చక్రంలా ఊహించుకోండి. బయట టైరులా గట్టిగా ఉండేది కణకవచం. దాని లోపల ట్యూబులా ఆనుకుని ఉండేది పలచటి పొర. ట్యూబులో గాలి ఉంటే, కణంలో నీళ్ళు ఉంటాయి. ఆ నీళ్ళలో కొద్దిగా చక్కెరలు, లవణాలు కరిగి ఉంటాయి. ట్యూబు నిండుగా ఉంటే టైరు గట్టిగా ఉన్నట్టే, కణాలన్నీ నీళ్ళతో బిగుసుకుని ఉంటే కీర ముక్క కరకరలాడుతుంది.

ఆ పలచటి పొర దగ్గరే అసలు విషయం ఉంది. అది నీటి అణువుల్ని తేలిగ్గా అటూ ఇటూ పోనిస్తుంది. ఉప్పునీ చక్కెరనీ మాత్రం దాదాపు ఆపేస్తుంది. నీటి అణువులు ఒక్క క్షణం కూడా ఊరికే ఉండవు. ఎప్పుడూ కదులుతూ, పొరని రెండు వైపుల నుంచీ గుద్దుతూ, కొన్ని లోపలికి, కొన్ని బయటికి పోతూనే ఉంటాయి. రెండు వైపులా పరిస్థితి సమానంగా ఉంటే, వెళ్ళేవి ఎన్నో వచ్చేవీ అన్నే. అప్పుడు బయటికి ఏ మార్పూ కనపడదు.

ఇప్పుడు ముక్క మీద ఉప్పు చల్లండి. కత్తి తగిలినచోట కొన్ని కణాలు తెగి, వాటి రసం ముక్క పైన తడిగా ఉంటుంది. ఉప్పు ముందు ఆ తడిలోనే కరుగుతుంది. 100 గ్రాముల నీటిలో దాదాపు 36 గ్రాముల ఉప్పు కరగగలదు, కాబట్టి ముక్క మీద చాలా చిక్కటి ఉప్పునీటి పొర తయారవుతుంది. కణం లోపల కరిగి ఉన్నవాటిని ఉప్పుతో పోల్చి చెప్పాలంటే, 100 గ్రాముల నీటికి ఒక గ్రాము కూడా రాదు. ఉప్పు ఎక్కువగా ఉన్న వైపు నుంచి పొర దాటి తిరిగి వచ్చే నీటి అణువులు తగ్గిపోతాయి. లోపలి నుంచి బయటికి వెళ్ళేవి మాత్రం మామూలుగానే వెళ్తుంటాయి. వెళ్ళేవి ఎక్కువ, వచ్చేవి తక్కువ. ఆ తేడాయే మనకి ఊటగా కనిపిస్తుంది. దీన్నే ఆస్మాసిస్ అంటారు, తెలుగు మీడియం పుస్తకాల్లో ద్రవాభిసరణ అని ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఎవరూ ఎవర్నీ లాగట్లేదు. రెండు వైపుల లెక్క తప్పింది, అంతే.

ఇది ఎంతవరకు సాగుతుంది? 100 గ్రాముల కీర ముక్కలకి 2 గ్రాముల ఉప్పు చల్లామనుకోండి. 20 గ్రాముల నీరు బయటికి వచ్చేసరికి, ఆ 2 గ్రాముల ఉప్పు 20 గ్రాముల నీటిలో ఉంటుంది. అంటే 100కి 10. లోపల ఇంకా 1 చుట్టుపక్కలే ఉంది కాబట్టి నీరు రావడం ఆగదు. సలాడ్‌లో ముందే ఉప్పు వేసి పెడితే తినే టైమ్‌కి గిన్నెలో నీళ్ళు తేలేది ఇందుకే. పెరుగుపచ్చడికి కీర వాడేవాళ్ళు ముందు ఉప్పు వేసి, కాసేపాగి పిండేసి, ఆ తర్వాత పెరుగులో కలుపుతారు. లేకపోతే ఆ నీళ్ళన్నీ పెరుగులోకి వచ్చి పచ్చడి పలచబడుతుంది.

ఉప్పు బదులు పంచదార వేసినా నీరు వస్తుంది. కాకపోతే లెక్కకి వచ్చేది బరువు కాదు, కరిగిన కణికల సంఖ్య. ఉప్పు నీటిలో కరిగితే సోడియం, క్లోరైడ్ అని రెండుగా విడిపోతుంది, పైగా అవి చిన్నవి. పంచదార అణువు పెద్దది, విడిపోదు. గ్రాముకి గ్రాము చూస్తే ఉప్పు ఇచ్చే కణికలు దాదాపు 12 రెట్లు ఎక్కువ. చిటికెడు ఉప్పు చేసే పనికి పంచదార చెంచాల కొద్దీ పట్టేది అందుకే.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. పొర ఉప్పుని ఆపుతుంది అన్నాం కదా, మరి మాగాయ ముక్క లోపలిదాకా ఉప్పగా ఎలా ఉంటుంది? దీనికి జవాబు ఇంట్లోనే చూడొచ్చు. ఒక గ్లాసు నీటిలో ఒక టీస్పూన్ ఉప్పు కలిపి, పలచటి కీర చక్రాలు అరగంట ఉంచండి. తీసి వంచితే మెత్తగా వంగుతాయి. వాటిని మంచినీళ్ళలో వేసి ఇంకో అరగంట ఆగితే మళ్ళీ చాలావరకు గట్టిపడతాయి. గాలి తగ్గిన ట్యూబులోకి మళ్ళీ గాలి కొట్టినట్టు, నీరు కణాల్లోకి తిరిగి వెళ్ళింది. వాడిన కొత్తిమీర కాడల్ని నీళ్ళలో పెడితే తేరుకునేదీ ఇలాగే. ఇంకో గిన్నెలో చక్రాల మీద ఉప్పు దట్టంగా చల్లి రాత్రంతా వదిలేయండి. పొద్దున వాటిని ఎంతసేపు మంచినీళ్ళలో ఉంచినా ఆ కరకర రాదు. ఎందుకంటే అంత నీరు పోయాక కణాలు చచ్చిపోయి పొరలు చిరిగిపోయాయి. పంక్చరైన ట్యూబుకి ఎంత గాలి కొట్టినా లాభం లేదు. ఉడకబెట్టిన ముక్కలోనూ ఇంతే, వేడికి పొరలు పాడైపోతాయి కాబట్టి అందులో ఆస్మాసిస్ జరగదు.

జాడీలో మూడు రోజుల్లో జరిగేది ఈ రెండూ. మొదట పొర బతికి ఉన్నంతసేపు నీరు మాత్రమే బయటికి వస్తుంది, ఉప్పు కణాల మధ్య సందుల దాకే వెళ్ళగలదు. తర్వాత పొరలు చిరిగాక ఉప్పు కణాల లోపలికి తనంతట తాను వ్యాపిస్తుంది. ఆ రెండో దాన్ని ఆస్మాసిస్ అనకూడదు, అది వ్యాపనం. అడ్డుకునే పొర లేనప్పుడు ఆస్మాసిస్ అన్న మాటే లేదు.

మూడో రోజు ముక్కల్ని పిండి ఎండబెట్టి, తర్వాత కారం, మెంతిపిండి కలిపేటప్పుడు అదే ఊటలో మళ్ళీ వేస్తారు కదా. ఎండిన ముక్కలు ఊటని పీల్చుకుని ఉబ్బుతాయి. పిల్లలు "ఇదీ ఆస్మాసిస్సేనా?" అని తప్పకుండా అడుగుతారు. కాదని చెప్పండి. అప్పటికి ఆ ముక్కలో పని చేసే పొర ఒక్కటీ మిగల్లేదు. ఎండిన స్పాంజిలా, నీటినీ ఉప్పునీ తేడా చూడకుండా కలిపే పీల్చుకుంటుంది.