ఇరవై మిల్లీమీటర్లు పక్కకు జరిగిన బరువు

రేకుల షెడ్డుకో, ఇంటి ముందు పోర్టికోకో ఇనుప పైపు స్తంభం నిలబెట్టినప్పుడు పైన దూలం సరిగ్గా పైపు నడిమధ్యన కూర్చోవడం అరుదు. వెల్డింగ్ చేసేవాడి వీలునుబట్టి, బోల్టు రంధ్రాలు పడిన చోటునుబట్టి అది వేలెడంత అటో ఇటో జరుగుతుంది. పొట్టి దిమ్మ అయితే దీన్ని పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. సన్నగా పొడుగ్గా ఉన్న స్తంభానికి మాత్రం ఆ కాస్త జరుగుబాటే ప్రాణం మీదికి తెస్తుంది.

ఒక పైపు తీసుకుందాం. బయటి వ్యాసం 114.3 మి.మీ., గోడ మందం 4.5 మి.మీ., పొడవు 3.5 మీటర్లు. రెండు చివరలూ అటూ ఇటూ జరగవు గానీ కీలుమీద ఉన్నట్టు తిరగగలవు. ఉక్కు 250 మెగాపాస్కల్ ఒత్తిడి దగ్గర సాగడం మొదలుపెడుతుంది. పైన పది టన్నుల బరువు, నడిమధ్య నుంచి 20 మి.మీ. పక్కకు ఉంది. (లెక్క తేలిగ్గా ఉండేందుకు టన్నుకు 10 కిలోన్యూటన్లు అనుకుంటున్నాను.)

బరువును పైపు అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది 64 మెగాపాస్కల్. బరువు పక్కకు ఉంది కాబట్టి పైపు కొద్దిగా వంగుతుంది, అందువల్ల ఒక వైపు నొక్కుడు పెరుగుతుంది. అది కలిపితే 113. కథ ఇక్కడితో అయిపోదు. పైపు వంగిన కొద్దీ దాని నడుము బరువు రేఖకు ఇంకా దూరమవుతుంది, దూరమైన కొద్దీ ఇంకా వంగుతుంది. సీకెంట్ సూత్రం లెక్కలోకి తీసుకునేది ఈ చక్రాన్నే:

```
σmax = (P/A)·[1 + (e·c/r²)·sec((L/2r)·√(P/(E·A)))]
```

ఇందులో e పక్కకు జరిగిన దూరం, c నడిమధ్య నుంచి పైపు అంచు దాకా ఉన్న దూరం, r పైపు ఆకారాన్నిబట్టి వచ్చే కొలత. మన పైపుకు జవాబు 135 మెగాపాస్కల్. ఇప్పుడు బరువు ఇరవై టన్నులు చేస్తే ఒత్తిడి రెట్టింపై 270 కాదు, 364 అవుతుంది. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. 250ని 135తో భాగించి 1.85 రెట్ల భద్రత ఉందనుకుంటారు. నిజానికి అంచు ఒత్తిడి 250ని తాకే బరువు దాదాపు 15.9 టన్నులు, అంటే భద్రత 1.6 రెట్లకు లోపే. ఈ సూత్రంతో భద్రతను బరువు మీద చూడాలి, ఒత్తిడి మీద కాదు.

మరో దారి ర్యాంకిన్ సూత్రం. ఈటన్ హాడ్జ్‌కిన్సన్ 19వ శతాబ్దంలో స్తంభాలను నొక్కి చూసిన ప్రయోగాల ఫలితాల నుంచి గోర్డన్, ఆ తర్వాత ర్యాంకిన్ మలిచిన లెక్క ఇది. పక్కకు జరిగిన బరువుకు పాఠ్యపుస్తకాల్లో ఇలా రాస్తారు:

```
P = fc·A / [(1 + e·c/r²)·(1 + a·(L/r)²)]
```

మెత్తని ఉక్కుకు fc 320 మెగాపాస్కల్, a విలువ 1/7500. మన పైపు మోయగలిగేది 13.6 టన్నులని ఇది చెబుతుంది. ఇదే సూత్రాన్ని తిరగేసి పది టన్నులకు ఒత్తిడి కడితే 236 వస్తుంది. సీకెంట్ 135 అంటే ఇది 236 అంటుందేమిటని కంగారు పడనక్కర్లేదు. 135 పైపు అంచున నిజంగా ఉండే ఒత్తిడి, స్ట్రెయిన్ గేజ్ అతికించి సరిచూసుకోవచ్చు. 236 అలాంటిది కాదు, 320తో పోల్చడానికే పనికొచ్చే కాగితం మీది అంకె. దాన్ని 250 పక్కన పెట్టి చూడడం, 135ను 320 పక్కన పెట్టి చూడడం రెండూ తప్పే. పోల్చవలసింది బరువులను.

15.9కీ 13.6కీ తేడా ఎక్కడిది? సీకెంట్ సూత్రం పైపును గీత గీసినట్టు నిటారుగా ఉందనుకుంటుంది. మనం చెప్పిన 20 మి.మీ. తప్ప మరే లోపమూ దానికి తెలియదు. ఆ 20ని సున్నా చేసి చూడండి: ఆయిలర్ లెక్క కట్టే 37.8 టన్నుల దాకా వంపు మాటే ఎత్తదు. ర్యాంకిన్ మాత్రం అప్పుడు కూడా 23.9 దగ్గరే ఆపేస్తుంది, ఎందుకంటే దాని స్థిరాంకాలు అసలు స్తంభాల వంకర టింకరలను చూసినవి. అందుకే నడిమధ్యనే బరువు పెట్టామనుకున్న స్తంభానికి కూడా ec/r² విలువ 0.25 ఉందనుకొని సీకెంట్ వాడమని పుస్తకాలు చెబుతాయి. మన పైపుకు ఆ 0.25ను అదనంగా కలిపి చూశాను. 15.9 కాస్తా సుమారు 14.1 టన్నులకు దిగింది, ర్యాంకిన్‌కు బాగా దగ్గరగా. అంత దగ్గరగా రావడంలో కొంత కాకతాళీయం ఉంది గానీ, తేడాలో పెద్ద వాటా కొలవని వంకరలదే.

మన దేశపు ఉక్కు కట్టడాల ప్రమాణం ఐఎస్ 800 కూడా ఈ రెండు దారుల్లోనూ నడిచింది. 1962 ప్రతిలో సీకెంట్ సూత్రం, 1984లో మర్చంట్-ర్యాంకిన్, 2007లో తొలి వంకరను నేరుగా లెక్కలోకి తెచ్చే పెర్రీ-రాబర్ట్‌సన్ పద్ధతి. నా మటుకు, e ఎంతో కొలిచి చెప్పగలిగిన చోట సీకెంట్‌కే ఓటు, 0.25 కలిపి మరీ. కొలవకుండా దాన్ని నమ్మడం మాత్రం ర్యాంకిన్ కన్నా ప్రమాదం. డ్రాయింగులో 20 అని ఉన్న e, దూలం బిగించాక 35 మి.మీ. అయిందనుకోండి. అదనపు 0.25 ఏదీ కలపకుండానే 15.9 టన్నులు 12.4కు పడిపోతాయి. దూలం కూర్చున్న చోటి మధ్య నుంచి తూకం గుండు వేలాడదీసి, కింద దారానికీ పైపు మధ్యకూ ఎంత ఎడముందో స్కేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.