ఆరు వాక్యాల సుబ్బారావు

విజ్ఞాన సర్వస్వం తరహా పుస్తకాల్లో యల్లాప్రగడ సుబ్బారావు గురించి ఉండే పేరా ఏ పుస్తకంలో చూసినా ఇంచుమించు ఇలాగే సాగుతుంది:

“యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) జీవరసాయన శాస్త్రవేత్త. భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి ఎల్‌.ఎం.ఎస్‌. పట్టా పొందారు. 1922లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్‌ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి, ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని గుర్తించారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలల్లో చేరి ఫోలిక్‌ ఆమ్లం, మెథోట్రెక్సేట్‌, హెట్రజాన్‌, ఆరియోమైసిన్‌ పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1948లో మరణించారు.”

ఆరు వాక్యాలు. ఒక్కదానిలోనూ తప్పు లేదు. చదివి పుస్తకం మూసేస్తే మాత్రం మనిషి గుర్తుండడు.

దీన్ని ఆదివారం అనుబంధానికో, బడి పిల్లలు చదివే సంచికకో ఆప్యాయంగా తిరగరాయమంటే చాలామంది కలం ముందుగా ఊహ వైపు నడుస్తుంది. తల్లి కళ్లొత్తుకుంటూ సాగనంపినట్టు, ఓడ అంచున నిలబడి ఆయన మాతృభూమి వైపు చివరిసారి చూసినట్టు రాస్తారు. ఆ చూపును చూసినవారెవరూ రాసిపెట్టలేదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. పేరు మార్చి అదే వాక్యాన్ని ఓడెక్కిన ఏ భారతీయుడికైనా అతికించవచ్చు. సుబ్బారావుకు మాత్రమే చెందిన మాట అందులో ఒక్కటీ లేదు. ఆయనకు మాత్రమే చెందినవన్నీ పైన ఉన్న పొడి పేరాలోనే, విప్పని మూటల్లా ఉన్నాయి.

ఎల్‌.ఎం.ఎస్‌. అన్న మూడక్షరాలనే తీసుకోండి. అది ఎం.బి.బి.ఎస్‌. కన్నా తక్కువ స్థాయి పట్టా. చురుకైన విద్యార్థికి అదెందుకు వచ్చింది? ఆయన జీవిత చరిత్ర రాసినవారు చెప్పేదాని ప్రకారం, గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు కట్టారు. శస్త్రచికిత్స తరగతికి కూడా ఖద్దరు గౌనుతోనే వెళ్లారు. అది ఆంగ్లేయ ఆచార్యుడికి నచ్చలేదు. పై పట్టా చేజారింది. ఇప్పుడు ఆ మూడక్షరాల వెనక ఒక యువకుడు, అతని బట్ట, దానికి చెల్లించిన మూల్యం కనిపిస్తున్నాయి. ఇక్కడే ఆగాలి. ఆచార్యుడు ఏమన్నాడో, సుబ్బారావు తలెత్తి ఏం జవాబిచ్చారో సంభాషణగా రాశామా, అది నాటకమైపోతుంది. ఇది జీవిత చరిత్రకారుల ద్వారా తెలిసిన విషయం కాబట్టి ఆ సంగతి వాక్యంలోనే ఒదిగిపోవాలి. “అంటారు ఆయన చరిత్ర రాసినవారు” అనే నాలుగు మాటలు కథనానికి అడ్డు రావు. తెలుగులో కథ చెప్పే తీరే అది.

పేరాలో అన్నిటికన్నా పొడిగా కనిపించే ముక్క “భాస్వరాన్ని కొలిచే పద్ధతి”. చాలా కథనాలు దీన్ని దాటేసి మందుల దగ్గరికి పరుగెడతాయి. సుబ్బారావు పనిచేస్తుండగా పక్కన నిలబడి చూసినట్టు రాయగల చోటు మాత్రం ఇదొక్కటే, ఎందుకంటే ఇక్కడ జరిగినది ఆయన, ఫిస్క్‌ కలిసి రాసిన పరిశోధన పత్రాల్లోనే ఉంది. 1925లో అచ్చయిన ఆ పద్ధతి సారాంశం ఇది. రక్తమో మూత్రమో, ఏ ద్రవంలో భాస్వరం ఎంతుందో తెలియాలో దానికి ఆమ్లం కలిపిన మాలిబ్డేట్‌ ద్రావణం చేరుస్తారు. ఫాస్ఫేటు రూపంలో ఉన్న భాస్వరం మాలిబ్డేట్‌తో జత కడుతుంది. ఆ తర్వాత మరో రసాయనం పోస్తే నీలిరంగు తేలుతుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఎంత భాస్వరం ఉందో ముందే తెలిసిన ద్రావణం రంగుతో దీన్ని పోల్చి లెక్క కడతారు.

కండరాల రసం మీద ఈ పరీక్ష చేసినప్పుడు ఒక వింత ఎదురైంది. నీలం ఒక్కసారిగా వచ్చి నిలకడగా ఉండాల్సింది పోయి, నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. అంటే కొంత భాస్వరం వేరే దేన్నో అంటిపెట్టుకుని ఉండి, ఆమ్లం తగిలాక కొద్దికొద్దిగా విడిపోతోందన్నమాట. ఆ “వేరేది” క్రియాటిన్‌. రెండూ కలిసి ఉన్న పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్‌, కండరం పని చేయాల్సి వచ్చినప్పుడు వెంటనే అక్కరకొచ్చే శక్తి నిల్వ. 1927లో ఇద్దరూ ఆ విషయాన్ని ప్రకటించారు. అదే ఏడాది ఇంగ్లండులో ఎగల్టన్‌ దంపతులు కూడా విడిగా కండరంలోని ఈ పదార్థం జాడ పట్టారు. రెండేళ్లకు ఏటీపీ విషయంలోనూ ఇలాగే జరిగింది. అదే 1929లో జర్మనీలో కార్ల్‌ లోమాన్‌ కూడా దాన్ని గుర్తించారు. ఈ రెండు వాక్యాలు రాస్తే మనవాడి ఘనత తగ్గుతుందని కొందరు దాచేస్తారు. అలా దాచనక్కర్లేదు. ప్రపంచంలో ఇద్దరు ముగ్గురు మాత్రమే వెతుకుతున్న చోటుకు భీమవరం కుర్రవాడు సరిగ్గా అదే సమయానికి చేరాడన్నది పాఠకుడు గర్వపడదగిన విషయమే. దానికి విశేషణాలు తొడగక్కర్లేదు.

ఆలస్యంగా చిక్కబడిన ఆ నీలిరంగు గురించి చదివినప్పుడు, ఆయన ఓపికను ఎవరూ వేరే పొగడకుండానే పాఠకుడు గ్రహిస్తాడు. తొందరపడేవారు పరీక్ష సరిగ్గా రాలేదనుకుని గాజు నాళికను పారబోసేవారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా నడవాల్సిన చోటు ఫోలిక్‌ ఆమ్లం. సుబ్బారావు సోదరులిద్దరు యవ్వనంలోనే స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారని జీవిత చరిత్రలు చెబుతున్నాయి. ఆ జబ్బులో తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు తగ్గవు, రక్తం క్షీణిస్తుంది. ఆయన కూడా దాని బారిన పడి, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందుతో కోలుకున్నారంటారు. చాలా ఏళ్ల తర్వాత, 1945లో, లెడర్లీలో ఆయన బృందం ఫోలిక్‌ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఉష్ణదేశాల స్ప్రూ రోగులకు అది గుణమిస్తుందని వైద్యులు త్వరలోనే గమనించారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టగానే ఎవరి గుండైనా ఒక్క క్షణం ఆగుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే “తమ్ముడి చితి దగ్గర ప్రతిజ్ఞ చేశాడు” అనే వాక్యం తోసుకొస్తుంది. దాన్ని రాయకూడదు. రెండు సంఘటనలూ నిజం. ఒకటి రెండోదానికి కారణమని చెప్పాలంటే వేరే ఆధారం కావాలి, ఆయన ఉత్తరమో, దగ్గరివారి సాక్ష్యమో. అది చేతిలో లేనప్పుడు రెండు వాక్యాల మధ్య “అందుకే” అన్న మాట పెట్టకుండా, కాలక్రమంలో ఒకదాని వెంట ఒకటి ఉంచితే చాలు. పాఠకుడు ఆ ముడి తానే వేసుకుంటాడు, వేసుకోకపోయినా నష్టం లేదు. కల్పించిన ప్రతిజ్ఞతో వచ్చే నష్టం పెద్దది. అది ఒక పత్రికలోంచి ఇంకో పత్రికలోకి, అక్కడి నుంచి పిల్లల ఉపన్యాసాల్లోకి పాకి, పదేళ్లకు చరిత్రగా స్థిరపడుతుంది.

అభిమానం కొద్దీ చేసే తప్పుల్లో “కనిపెట్టారు” అనే క్రియది పెద్ద వాటా. ఫోలిక్‌ ఆమ్లం తయారీని ప్రకటించిన పత్రం మీద పదిహేను మందికి పైగా రచయితల పేర్లున్నాయి. అందులో సుబ్బారావుది ఒకటి. ఆరియోమైసిన్‌ను మట్టిలోని సూక్ష్మజీవి నుంచి పట్టుకున్నది బెంజమిన్‌ డగ్గర్‌ అనే వృక్షశాస్త్రవేత్త. అది సుబ్బారావు అధిపతిగా ఉన్న పరిశోధన విభాగంలో జరిగింది. ఫోలిక్‌ ఆమ్లానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ను తయారు చేసి పంపింది సుబ్బారావు బృందమైతే, దాన్ని లుకేమియా పిల్లలకు ఇచ్చి చూసింది బోస్టన్‌లోని సిడ్నీ ఫార్బర్‌. మెథోట్రెక్సేట్‌ దాని వెనకే వచ్చిన తోబుట్టువు. ఫార్బర్‌ 1948 జూన్‌లో ప్రచురించిన పత్రం శీర్షికలోనే, జబ్బు తగ్గడం తాత్కాలికమేనని రాసుకున్నాడు. “సుబ్బారావు క్యాన్సర్‌కు మందు కనిపెట్టాడు” అని రాసేవారు ఆ నిజాయితీని కూడా చెరిపేస్తున్నారు. పనిని ఎవరెవరు ఎలా పంచుకున్నారో చెబితే సుబ్బారావు ఎలాంటి నాయకుడో తెలుస్తుంది. వృక్షశాస్త్రవేత్తలను, రసాయన శాస్త్రవేత్తలను, వైద్యులను ఒకే దారంతో పట్టి నడిపిన మనిషి అతను.

కొన్ని ఖాళీలు ఖాళీలుగానే ఉండాలి. 1919లో పెళ్లయింది, భార్య పేరు శేషగిరి. 1922 అక్టోబరులో ఆయన బోస్టన్‌లో దిగారు. మళ్లీ స్వదేశం రాలేదు. ఈ వరుస మౌనంగా ఎంతో చెబుతుంది. ఆమె ఎదురుచూపులను మన మాటల్లో వర్ణిస్తే, ఆమె బతుకును మనం రాసినట్టవుతుంది. మరణ తేదీ విషయం చూడండి. కొన్ని పుస్తకాలు ఆగస్టు 8 అంటాయి, కొన్ని 9. తేల్చలేనప్పుడు “1948 ఆగస్టులో, 53 ఏళ్లకు” అంటే నిజం చెడదు, వాక్యం తడబడదు. ఫార్బర్‌ పత్రం వచ్చింది జూన్‌లో. మధ్యలో ఉన్నవి రెండు నెలలు. ఇది కేవలం తేదీల లెక్క, కాని ఏ కన్నీటి వాక్యమూ అంత పని చేయదు.

ఇన్ని పట్టింపులతో తిరగరాస్తే ఆ కథనం మొదలు ఇలా ఉండొచ్చు:

“బోదకాలు నివారణకు ఆరోగ్య కార్యకర్తలు మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్ర 1947లో న్యూయార్క్‌ రాష్ట్రంలోని పెరల్‌ రివర్‌ ప్రయోగశాల నుంచి హెట్రజాన్‌ పేరుతో వెలువడింది. అక్కడి పరిశోధనకు అప్పట్లో అధిపతి యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది భీమవరంలో. మెట్రిక్యులేషన్‌ మూడోసారికి గట్టెక్కింది. ఖద్దరు గౌను వేసుకున్నందుకు పై పట్టా పోగొట్టుకున్నాడంటారు. హార్వర్డ్‌లో అతనికి మొదట పేరు తెచ్చింది మందు కాదు, ఒక నీలిరంగు.”

అచ్చుకు పంపే ముందు ఈ పేరాలోని ఒక్కో వాక్యం పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో పెన్సిలుతో రాసి చూడాలి. బోదకాలు మాత్రలకు ప్రభుత్వ కార్యక్రమం, హెట్రజాన్‌కు 1947 నాటి పరిశోధన పత్రాలు, మెట్రిక్యులేషన్‌కు, ఖద్దరుకు జీవిత చరిత్ర. ఖద్దరు వాక్యానికి “అంటారు” ఉంది, సరిపోయింది. మొదటి ముసాయిదాలో “కనిపెట్టిన” అన్న మాట ఉండి ఉంటే దాన్ని కొట్టేసి “వెలువడింది” అని మార్చాలి, ఎందుకంటే ఆ పత్రాల మీద వేరే పరిశోధకుల పేర్లు కూడా ఉన్నాయి. సొంత జిల్లాలో బోదకాళ్లు చూసి చలించిపోయి ఆ మందు వెతికాడన్న వాక్యం ఎంత ముద్దొచ్చినా, పక్కన రాయడానికి పెన్సిలుకు ఏమీ దొరకదు. కాబట్టి అది పోతుంది.