సగం ముద్ర చెప్పిన ఊరు

పాత ఇనుప పెట్టెల అడుగున పసుపుబారిన ఫోటో కార్డులు చాలా ఇళ్ళలో కనిపిస్తాయి. ముందువైపు ఎవరిదో ఛాయాచిత్రం, వెనుకవైపు చిరునామా, నాలుగు పంక్తుల ఉత్తరం ఉంటాయి. "ఇది ఎక్కడినుంచి వచ్చింది?" అన్న ప్రశ్నకు జవాబు సాధారణంగా ఆ వెనుకవైపే ఉంటుంది. తపాలా బిళ్ళ, తపాలా ముద్ర, చేతివ్రాత ఈ మూడూ అక్కడి సాక్షులు. అయితే ఒక్కొక్క సాక్షికి తెలిసినది ఒక్కొక్క సంగతి మాత్రమే. బిళ్ళకు తెలిసినది ముద్రను అడిగినా, ముద్రకు తెలిసినది వ్రాతను అడిగినా తప్పు జవాబే వస్తుంది. మా ఇంట్లో అటువంటి తప్పు నలభై యేళ్ళకు పైగా నిలిచింది. దానికి కారకుణ్ణి నేనే.

1980 ప్రాంతంలో మా నాయనమ్మగారు పోయిన తరువాత ఆవిడ పెట్టె తెరిచారు. అందులో ఒక ఫోటో కార్డు దొరికింది. కుర్చీ పక్కన నిలబడిన యువకుడు, ఆయన వెనుక స్తంభాలు, మెట్లు. ఆయన మా తాతగారి అన్నగారు. నాకప్పుడు పదేళ్ళు, బిళ్ళలు సేకరించే పిచ్చి. పెద్దలు కార్డును తీరికగా చదవకముందే దానిని నీళ్ళలో నానబెట్టి, బిళ్ళ ఊడదీసి నా ఆల్బములో అంటించాను. తడికి ఉత్తరంలోని కొన్ని పంక్తులు ఊదారంగు మరకగా మారిపోయాయి. మా తాతగారు నాన్నగారి పసితనంలోనే పోవడంవల్ల అడిగి తెలుసుకొనేందుకు ఎవరూ లేరు.

మిగిలినదానిని నాన్నగారు చదివారు. పైన "శ్రీ", దాని కింద "రంగం". తపాలా ముద్రలో బిళ్ళతో పోగా మిగిలిన ఎడమ భాగంలో ఆర్, ఏ, ఎన్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు. చిత్రంలో చూస్తే మండపంలాంటి స్తంభాలు. పెదనాన్నగారు చిన్నతనంలోనే ఇల్లు విడిచి వెళ్ళారని మాత్రం ఆయన విని ఉన్నారు. అన్నీ కలిపి, "శ్రీరంగం వెళ్ళి సన్న్యసించారు" అని నిర్ణయించారు. సన్న్యాసికి తర్పణం విడిచే ఆచారం మా ఇంట లేదు. ఆ విధంగా మహాలయ పక్షంలో ఆయన పేరు ఏనాడూ పలకలేదు.

ముద్రలో అక్షరాల స్థానం

మూడేళ్ళ క్రితం ఆ కార్డు మళ్ళీ నా చేతికి వచ్చింది. ఈసారి దానిని తడపలేదు. రెండు వైపులా స్కాన్ చేసి, పెద్దదిగా అచ్చుతీసుకొన్న కాగితంపైనే పని మొదలుపెట్టాను.

ముద్రలో మిగిలినది వృత్తంలో ఎడమ చాపం మాత్రమే. డ్రాయింగు తరగతిలో మనమందరం నేర్చుకొన్నదే: చాపంపై రెండు జ్యాలు గీసి, వాటి లంబ సమద్విఖండన రేఖలు కలిసిన చోటు వృత్త కేంద్రం. కేంద్రం తెలిస్తే మిగతా వృత్తాన్ని పూర్తి చేయవచ్చు. ముద్రలో తేదీ అడ్డంగా ఉంటుంది గనుక, దానికి లంబంగా కేంద్రంగుండా గీసిన గీత ముద్రకు నిలువు అక్షం అవుతుంది. ఇటువంటి ముద్రల్లో ఊరి పేరు పైచాపం మీద, ఆ అక్షానికి ఇరుపక్కలా సమంగా పరచి ఉంటుంది. మన పనికి ఈ సమత్వమే ఆధారం.

ఇంగ్లీషులో శ్రీరంగానికి తొమ్మిది అక్షరాలు. నడిమిది అయిదవ అక్షరమైన ఏ. ముద్ర శ్రీరంగానిదే అయితే ఆ ఏ అక్షరం సరిగా తేదీకి పైన, శిఖరాన ఉండాలి. మా కార్డులో అది ఎడమ భుజం మీద ఉంది. దాని ముందున్న ఆర్ అక్షరానికి ఎడమన కాగితం శుభ్రంగా ఉంది. మొదటి మూడు అక్షరాలకు సిరా అంటలేదని నాన్నగారు అనుకొన్నారు గాని, అసలు అక్కడ అక్షరాలే లేవు. పేరు ఆర్‌తోనే మొదలవుతోంది. ఎన్ తరువాతి అక్షరం సరిగా అక్షం మీదికి వస్తుంది. అంటే ఎడమన మూడు, నడుమ ఒకటి, కుడిన మూడు, మొత్తం ఏడు అక్షరాల ఊరు.

ఈ పద్ధతికి హద్దు కూడా ఇక్కడే ఉంది. రంగూనుకు ఏడక్షరాలు, మన పొరుగునున్న రాణిపేటకూ ఏడే. మొదటి మూడక్షరాలూ రెంటికీ ఒకటే. జ్యామితి శ్రీరంగాన్ని తోసివేయగలిగింది గాని, ఈ రెంటిలో ఏది అన్నది చెప్పలేకపోయింది. ఆ పని చేతివ్రాతకు మిగిలింది.

వ్రాతలోని తెలుగు

పాత ఉత్తరాల్లో మొదటి పంక్తిన "శ్రీ" అని పెట్టడం మంగళాచారం. అది ఊరి పేరులో భాగం కాదు. మా కార్డులో "శ్రీ" కాగితం మధ్యన ఉంది, "రంగం" దాని కింద కుడి అంచున, తేదీకి ముందు ఉంది. ఊరు, తేదీ వ్రాసే చోటు అదే. రంగూనును మన కోస్తా జిల్లాలవారు "రంగం" అనేవారు. విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి అక్కడి బియ్యపు మిల్లుల్లో, రేవులో పనికి వెళ్ళిన వేలాదిమంది నోట నిలిచిన పేరు అది.

తేదీ "విభవ సం॥ ఆశ్వయుజ బహుళం" అని ఉంది. తెలుగు సంవత్సరాల చక్రం అరవై యేళ్ళది గనుక విభవ 1868లో, 1928లో, 1988లో వస్తుంది. కార్డు 1980 నాటికే పెట్టెలో ఉంది. ఫోటో కార్డులు 1868లో లేవు. మిగిలినది 1928. ఆ యేడు ఆశ్వయుజ బహుళం అక్టోబరు చివర, నవంబరు మొదట పడింది. ముద్రలో మిగిలిన తేదీ భాగం నవంబరు 2. దానితో ఇది సరిపోయింది.

వ్రాతలో ఇంకొక సంగతి ఉంది. ఉత్తరమంతా ఒక గుండ్రని, అలవాటైన దస్తూరీలో ఉంటే, చివరి సంతకం, దాని కింది రెండు పంక్తులు మాత్రం వంకరటింకర అక్షరాల్లో ఉన్నాయి. చదువు అంతగా రానివారు ఉత్తరం మరొకరిచేత వ్రాయించుకొనేవారు. కాబట్టి కార్డులోని దస్తూరీని బట్టి పంపినవాడి చదువునో స్వభావాన్నో ఊహించడం పొరపాటు. ఆయన చేయి చూడాలంటే సంతకం దగ్గరే చూడాలి.

ఆ చివరి పంక్తులే నా స్నానానికి బలి అయినవి. అవి కాపీయింగు పెన్సిలుతో వ్రాసినవి. దాని ముక్కులో రంగు కలిసి ఉంటుంది, తడి తగిలితే ఊదాగా పాకుతుంది. ఊదారంగు ఆకుపచ్చ వెలుగును పీల్చుకొంటుంది. అందువల్ల స్కాన్ చేసిన చిత్రంలో ఆకుపచ్చ వర్ణ భాగాన్ని మాత్రమే విడదీసి చూస్తే పెన్సిలు ఒత్తిన గీతలు మరక కంటె నల్లగా పైకి తేలాయి. అన్నీ కాకపోయినా కొన్ని మాటలు చదవగలిగాను: "మిల్లులో పని", "అమ్మకు", "మనియార్డరు".

బిళ్ళ చెప్పినది, చెప్పనిది

ఇక మిగిలినది బిళ్ళ. నా చిన్ననాటి ఆల్బము మా అక్కగారింట అటకమీద దొరికింది. ఆ బిళ్ళ "ఇండియా" అన్న పుటలో ఉంది. అయిదవ జార్జి బొమ్మతో ఆకుపచ్చని అర్ధణా బిళ్ళ. దానిని ఆ పుటలో అంటించడంలో తప్పు లేదు, ఎందుకంటే దాని మీద ఇండియా అనే ఉంది. 1937 ఏప్రిల్ 1న విడిపోయేవరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రమే. అంతవరకు రంగూనులోనూ ఇండియా బిళ్ళలే వాడారు. విడిపోయినప్పుడు ముందు ఇండియా బిళ్ళల మీదనే బర్మా అని అచ్చు కొట్టి వాడారు, 1938లో సొంత బిళ్ళలు వచ్చాయి. అదే సింహళం నుంచి వచ్చిన కార్డయితే, అదే రాజు బొమ్మ ఉన్నా, సింహళం పేరుగల బిళ్ళ ఉండేది. కాబట్టి బిళ్ళ చెప్పేది తపాలా పరిపాలన ఎవరిదన్న సంగతే. నేటి పటం మీద ఆ ఊరు ఏ దేశంలో ఉందో అది చెప్పదు.

కాలం విషయంలో మాత్రం బిళ్ళ గట్టి సాక్షి. దేశం లోపల కార్డుకు రుసుము 1922లో కాలణా నుంచి అర్ధణాకు, 1931లో ముప్పావు అణాకు, అంటే తొమ్మిది పైలకు పెరిగింది. ఒక్క అర్ధణా బిళ్ళతో జరిమానా లేకుండా చేరిన కార్డు ఆ రెండు సంవత్సరాల నడిమిదై ఉండాలి. బిళ్ళను బోర్లించి నల్లని పలకమీద ఉంచితే కాగితంలోని నీటిగుర్తు కనిపించింది. పాత ముద్రణల్లో బిళ్ళకు ఒకే నక్షత్రం ఉండగా, 1926 నుంచి నాసిక్‌లో అచ్చయినవాటిలో చిన్న నక్షత్రాలు వరుసగా ఉంటాయి. దీనిలో ఉన్నవి వరుస నక్షత్రాలే. అంటే 1926కు, 1931కి మధ్య. విభవ ఆ నడుమనే పడింది.

చివరగా బిళ్ళను కార్డుమీద పాతచోట ఆనించాను. కార్డుమీది చాపం బిళ్ళమీది చాపంతో ఒక్క గీతగా కలిసింది. బిళ్ళమీద జి, ఓ, ఓ, ఎన్ అక్షరాలు, తేదీలో మిగిలిన 28 ఉన్నాయి. జి సరిగా శిఖరాన నిలిచింది. బిళ్ళను దాటి కార్డుమీదికి సాగిన ముద్రే ఆ రెండూ కలిసి ప్రయాణం చేశాయనడానికి రుజువు. తరువాత ఎవరో అంటించిన బిళ్ళకు ఈ అతుకు కుదరదు. కార్డు మూలన ఉన్న భీమునిపట్నం బట్వాడా ముద్ర తేదీ నవంబరు 8. సముద్రం దాటి వచ్చిన ఉత్తరానికి ఆరు రోజులు తగిన గడువే.

ఇక స్తంభాలు, మెట్ల సంగతి. భూతద్దంతో చూస్తే మెట్ల అంచు నేలమీది చాపను తాకే చోట గుడ్డ మడత కనిపిస్తుంది. అది స్టూడియోలో వేలాడదీసిన రంగుల తెర. కార్డులో అన్నిటికంటె ఎక్కువగా మనల్ని నమ్మించిన బొమ్మే స్థలాన్ని గురించి ఏమీ తెలియని సాక్షి.

1928 నవంబరు తరువాత ఆయన ఏమయ్యారో ఈ కార్డు చెప్పదు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలమీద జరిగిన దాడులు, 1942లో వేలమంది కాలినడకన తిరిగి రావడం చరిత్రలో ఉన్నాయి. వాటిలో ఆయనను ఎక్కడా నిలబెట్టే ఆధారం నా దగ్గర లేదు కనుక నిలబెట్టను.

కాగితాలన్నీ వరుసగా పరచి నాన్నగారికి చూపించాను. ఆయన అతుకు పెట్టిన ముద్రను చాలాసేపు చూసి, "అయితే ఆయన సన్న్యాసి కాదు. అమ్మకు డబ్బు పంపడానికి వెళ్ళాడు" అన్నారు. ఆ యేడు మహాలయ పక్షంలో మొదటిసారిగా ఆయన పేరు చెప్పి నువ్వులు, నీళ్ళు విడిచారు.

మీ ఇంట్లో ఇటువంటి కార్డు ఉంటే బిళ్ళను ఊడదీయకండి, నీళ్ళ దగ్గరకు పోనివ్వకండి. ఇప్పటికే ఊడిపోయి ఉంటే, పిల్లల పాత ఆల్బములో ఒకసారి వెతకండి.