లెక్కల సాఫ్ట్‌వేర్ మార్చే రాత్రి: వెనక్కి రావడానికీ ఒక గడువు

విజయవాడలో ఫ్యాన్లు, వైర్లు, స్విచ్చులు హోల్‌సేల్‌గా అమ్మే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉందనుకుందాం. గుంటూరులో, రాజమహేంద్రవరంలో బ్రాంచీలు. ఏడాదికి 40 కోట్ల వ్యాపారం, రోజుకు 80 దాకా బిల్లులు. ఏళ్ల తరబడి టాలీలో రాసుకున్న లెక్కలను ఏప్రిల్ 1 నుంచి ఒక క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలని నిర్ణయించారు. సాఫ్ట్‌వేర్ కొన్నారు, సిబ్బందికి నేర్పించారు. ఇక మిగిలింది పాతదాన్ని ఆపి కొత్తదాన్ని మొదలుపెట్టే ఒక్క రాత్రి, ఆ తర్వాతి మూడు రోజులు. ఈ మార్పిడినే కటోవర్ అంటారు. కొత్తదాంట్లో అసలు బిల్లులు కొట్టడం మొదలైతే అది గో లైవ్. కుదరక పాతదానికి తిరిగొస్తే అది రోల్‌బ్యాక్.

రోల్‌బ్యాక్ మాట ఎత్తగానే చాలామంది, బ్యాకప్ తీసిపెట్టాం కదా అంటారు. కానీ బ్యాకప్ తెచ్చేది కంపెనీ లోపలి డేటాను మాత్రమే. కొత్త సాఫ్ట్‌వేర్‌లో కొట్టిన బిల్లు అప్పటికే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదై, సరుకుతోపాటు లారీ ఎక్కి, కొన్న షాపు పుస్తకాల్లోకి చేరి ఉంటుంది. దాన్ని ఏ బ్యాకప్పూ వెనక్కి పిలవలేదు. అందుకే మార్పిడి ప్రణాళికలో అన్నిటికంటే ముందు తేలాల్సింది, ఏ గంట దాకా వెనక్కి రాగలం అన్నది.

ఏప్రిల్ 1 ఎందుకు

ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. అమ్మకాలు, ఖర్చుల ఖాతాలన్నీ కొత్త ఏడాదికి సున్నా నుంచి మొదలవుతాయి కాబట్టి, వాటి పాత మొత్తాలను మోసుకెళ్లే పనిలేదు. ఆస్తులు, అప్పులు, బాకీలు, సరుకు నిల్వ, బ్యాంకు, పన్ను ఖాతాల నిల్వలు ఎక్కిస్తే చాలు. జీఎస్టీ నిబంధన ప్రకారం బిల్లు నంబరు ఒక ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు కాబట్టి, కొత్త వరస మొదలుపెట్టడానికీ అదే అనువైన రోజు.

చిక్కల్లా ఒకటే. మార్చి 31 రాత్రికి మార్చి లెక్క పూర్తవదు. కరెంటు బిల్లు, రవాణా బిల్లు, సప్లయర్ల క్రెడిట్ నోట్లు తర్వాతి వారాల్లో వస్తూనే ఉంటాయి. కాబట్టి ఆ రాత్రి ఎక్కించే నిల్వలు తాత్కాలికమని ముందే ఒప్పుకోవాలి. మార్చికి చెందినవి ఏవి వచ్చినా పాత టాలీలోనే రాసి, ఆడిట్ అయ్యాక తేడాలను ఒకేసారి కొత్తదాంట్లో సర్దాలి. మార్చి నెల జీఎస్టీఆర్-1 ఏప్రిల్ 11లోగా వేయాల్సింది కూడా టాలీ నుంచే. అంటే పాతది ఆ రాత్రితో మూతపడదు. కొత్త ఏడాది పద్దులు అందులోకి రాకుండా ఆపుతారు, అంతే.

ఫిబ్రవరి నిల్వలతో రిహార్సల్

అసలు రాత్రికి ముందు, ఫిబ్రవరి నెలాఖరు నిల్వలతో మొత్తం పనిని ఒకసారైనా చేసి చూడాలి. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్‌లో విడిగా ఒక పరీక్ష కంపెనీని తెరవాలి. అసలు పుస్తకాల్లో ఉత్తుత్తి బిల్లులు కొట్టి తర్వాత తీసేస్తాం అంటే కుదరదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునూ నమోదు చేసి ఉంచాలన్న నియమం ఉంది. తీసేసిన బిల్లు కూడా ఆడిటర్ కంటపడుతుంది.

తప్పులు రిహార్సల్‌లోనే బయటపడతాయి. మన కంపెనీలో రెండు దొరికాయనుకుందాం.

మొదటిది బ్యాంకు నిల్వ. టాలీ పుస్తకం ప్రకారం 42,60,000 రూపాయలు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 45,10,000. డేటా ఎక్కించిన కుర్రాడు బ్యాంకు చెప్పిందే నిజమనుకుని స్టేట్‌మెంట్ అంకె వేశాడు. ట్రయల్ బ్యాలెన్స్ 2,50,000 తేడా చూపించింది. నిజానికి రెండంకెలూ సరైనవే. కంపెనీ ఇచ్చిన చెక్కుల్లో 4,10,000 విలువైనవి ఇంకా బ్యాంకుకు రాలేదు. కంపెనీ జమచేసిన చెక్కుల్లో 1,60,000 విలువైనవి ఇంకా పాసవలేదు. ఈ రెంటి తేడాయే ఆ 2,50,000. ఎక్కించాల్సింది పుస్తకం నిల్వను, దాంతోపాటు ఆ చెక్కులను ఒక్కొక్కటిగా. లేదంటే ఏప్రిల్‌లో అవి పాసైనప్పుడు జత కలపడానికి కొత్త పుస్తకంలో పద్దే ఉండదు.

ఈ జత కలిపే పనిని తేలిగ్గా తీసుకోకూడదు. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ 2022 ఏప్రిల్‌లో శాప్ నుంచి ఒరాకిల్‌కు మారింది. బ్యాంకు లావాదేవీలను పుస్తకాలతో జత కలిపే భాగం సరిగా పనిచేయక సిబ్బంది ఆ పనిని చేత్తో చేయాల్సి వచ్చింది. చివరికి ఆ వ్యవస్థనే మళ్లీ మొదటినుంచి అమర్చుకునే పని పెట్టుకున్నారు.

రెండోది పార్టీల బాకీలు. ఖాతాల ప్రకారం రావాల్సింది 3,18,40,000. బిల్లువారీ జాబితా కూడితే 3,21,15,000 వచ్చింది. తేడా 2,75,000. ఇది పార్టీలు ఏ బిల్లుకనేది చెప్పకుండా కట్టిన సొమ్ము. ఖాతాలో జమైంది గానీ ఏ బిల్లు మీదా పడలేదు. ఆ తేడాను సస్పెన్స్ ఖాతాలోకి తోసేస్తే, కట్టేసిన బాకీలను మళ్లీ అడుగుతూ పార్టీలకు ఉత్తరాలు వెళ్తాయి. ఒక్కో పార్టీ పేరున దాన్ని విడి జమగా ఎక్కించాలి. బాకీని ఒకే మొత్తంగా కాక బిల్లువారీగా తీసుకెళ్లడానికి కారణమూ ఇదే. ఏ బిల్లు ఎన్నాళ్లుగా నిలిచిందో తెలియకపోతే వసూలుకు వెళ్లినవాడికి అడగడానికి ఆధారం ఉండదు.

ఆ రాత్రి, వరసగా

మార్చి 20 నుంచి కొత్త పార్టీ పేర్లు, కొత్త సరుకు పేర్లు టాలీలో తెరవడం ఆపేస్తారు. తప్పనిసరైతే ఒక కాగితం మీద రాసి రెండుచోట్లా ఎక్కిస్తారు.

మార్చి 31 సాయంత్రం 6 గంటలకు పాతదాంట్లో చివరి బిల్లు. మూడు ఊళ్లలో చివరి బిల్లు నంబరు, చివరి చెక్కు నంబరు, గోడౌన్‌కు చేరిన చివరి లోడు వివరం రాసుకుంటారు. బిల్లు అయిపోయి ఇంకా గోడౌన్‌లోనే ఉన్న పెట్టెలను పక్కన పెడతారు. లేకపోతే లెక్కింపులో అవి కంపెనీ సరుకులో కలిసిపోతాయి. తర్వాత సరుకు లెక్కింపు.

రాత్రి 9కి టాలీ బ్యాకప్ రెండు కాపీలు. ఒకటి ఆఫీసు బయటకు వెళ్తుంది. రెండోదాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి ట్రయల్ బ్యాలెన్స్ వస్తోందో లేదో చూస్తారు. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కపెట్టకూడదు. ఆపైన నిల్వలు ఎక్కించడం, సరిచూడడం.

ఉదయం 7 గంటలకు నిర్ణయం. ట్రయల్ బ్యాలెన్స్ రూపాయి తేడా లేకుండా కలవాలి. బిల్లువారీ బాకీలు ఖాతాలతో కలవాలి. సరుకు విలువ, బ్యాంకు, పన్ను ఖాతాలు పాతవాటితో కలవాలి. వీటిలో ఏది కలవకపోయినా ఆ రోజు గో లైవ్ లేదు. టాలీలోనే బిల్లులు సాగుతాయి. ఈ నిర్ణయం ఫైనాన్స్ మేనేజర్ ఒక్కరిదే అని ముందే రాసి ఉండాలి. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు సలహా ఇవ్వొచ్చు గానీ తీర్పు చెప్పకూడదు.

మొదటి బిల్లు తర్వాత

వ్యాపారం 5 కోట్లు దాటిన సంస్థలు మరో వ్యాపారికి ఇచ్చే బిల్లును పోర్టల్‌లో నమోదు చేసి ఐఆర్ఎన్ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. తప్పు పడితే 24 గంటల్లోపే అక్కడ రద్దు చేసుకోగలం. ఆ సరుకు మీద ఈ-వే బిల్లు అమల్లో ఉంటే అదీ కుదరదు. గడువు దాటితే క్రెడిట్ నోటే గతి. రద్దయిన నంబరును మళ్లీ వాడలేం. అందుకే మొదటి రోజు బిల్లుల్లో కొన్నిటిని ఆ సాయంత్రమే తీసి ధర, పన్ను శాతం, హెచ్ఎస్ఎన్ కోడ్ చేత్తో సరిచూడాలి. మర్నాడు చూద్దామంటే గడువు పోతుంది.

నంబర్ల వరసలు కూడా వేరుగా ఉండాలి. కొత్తదాంట్లో `VJN/0001` నుంచి, ఒకవేళ టాలీకి తిరిగొస్తే `VJT/0001` నుంచి. అప్పుడు రెండుచోట్లా ఒకే నంబరు పడే ప్రమాదం ఉండదు.

వెనక్కి రావాల్సి వస్తే

ఏ లోపానికి వెనక్కి రావాలో ముందే రాసుకోవాలి. వరసగా రెండు గంటలు ఐఆర్ఎన్ రాకపోవడం, పన్ను తప్పుగా పడుతూ సాయంత్రానికీ కారణం దొరకకపోవడం, పార్టీల బాకీలు తారుమారవడం లాంటివి అందుకు తగినవి. ప్రింటు వంకరగా రావడం, రిపోర్టు నెమ్మదిగా తెరుచుకోవడం తగినవి కావు.

తిరిగొచ్చే పని ఈ వరసలో సాగుతుంది:

1. మూడు ఊళ్లలో ఒకేసారి కొత్తదాంట్లో బిల్లింగ్ ఆపి, చివరి నంబర్లు రాసుకోవాలి.
2. కొత్తదాంట్లోని అన్ని పద్దుల జాబితాను దించుకుని, దాన్ని చూడ్డానికి మాత్రమే వీలుండేలా తాళం వేయాలి.
3. టాలీలో కొత్త ఏడాది పద్దులకు దారి తెరవాలి. తాజా బిల్లులు `VJT` వరసలో సాగుతాయి.
4. కొత్తదాంట్లో పడిన బిల్లులు, రసీదులు, కొనుగోళ్లను అవే తేదీలతో, అవే నంబర్లతో టాలీలో రాయాలి. ఐఆర్ఎన్‌లను రద్దు చేయకూడదు, మళ్లీ అడగకూడదు. ఉన్న సంఖ్యనే ఆ బిల్లు పక్కన రాసుకోవాలి.
5. బిల్లుల సంఖ్య, అమ్మకాల మొత్తం, పన్ను మొత్తం, బ్యాంకు నిల్వ రెండుచోట్లా కలిశాయని చూసి సంతకం పెట్టాలి.
6. ఎందుకు తిరిగొచ్చామో ఆడిటర్ కోసం ఒక పేజీ రాసిపెట్టాలి. పాత తేదీల పద్దులు తర్వాతి రోజున రాసినట్టు నమోదులో కనిపిస్తుంది కాబట్టి అది అవసరం.

ఇందులో నాలుగో అడుగే గడువును తేలుస్తుంది. మూడు రోజుల్లో 240 బిల్లులు, మరో 120 రసీదులు, కొనుగోళ్లు పడ్డాయనుకుందాం. మొత్తం 360 పద్దులు. ఒక మనిషి గంటకు 20 పద్దులు రాయగలడని రిహార్సల్‌లో తేలితే, ముగ్గురు కూర్చుంటే ఆరు గంటలు. ఒక రాత్రిలో అయిపోతుంది. అదే పది రోజులైతే 1,200 పద్దులు, ముగ్గురికీ 20 గంటలు. ఈలోగా మర్నాటి వ్యాపారం ఆగదు. కాబట్టి ఈ కంపెనీకి వెనక్కి వచ్చే గడువు ఏప్రిల్ 3 సాయంత్రం. అదే కంపెనీ రోజుకు 300 బిల్లులు కొడితే గడువు మొదటి రోజు రాత్రికే ముగుస్తుంది.

ఆ సాయంత్రం దాటాక కనబడిన లోపాన్ని కొత్తదాంట్లో ఉంటూనే సరిదిద్దుకోవాలి. ఏప్రిల్ జీఎస్టీఆర్-1 గడువు మే 11 కాబట్టి తప్పుడు బిల్లులకు క్రెడిట్ నోట్లు ఇచ్చి, సరైనవి కొట్టడానికి నెలకు పైగా సమయం ఉంటుంది. సమయం ఉంది గదా అని గడువును మాత్రం పొడిగించకూడదు. ఏప్రిల్ 7న తిరిగొద్దామనుకున్న కంపెనీకి సగం బిల్లులు ఒకచోట, సగం మరోచోట మిగిలిపోతాయి. ఆ నెల అమ్మకాలెంతో ఏ పుస్తకమూ చెప్పలేదు.

గడువు తేదీ, గంట, నిర్ణయించే మనిషి పేరు, ఆ ఆరు అడుగులు ఒకే కాగితం మీద అచ్చువేసి మూడు ఊళ్లకూ మార్చి నెలలోనే పంపాలి. కంపెనీల చట్టం ప్రకారం ఎనిమిదేళ్ల లెక్కలు భద్రపరచాలి కాబట్టి, అంతా సవ్యంగా సాగినా టాలీ ఉన్న కంప్యూటర్‌నూ దాని లైసెన్సునూ వదిలేయకూడదు. ఆ బాధ్యత ఎవరిదో కూడా అదే కాగితం మీద రాసి ఉండాలి.