చీరల వెబ్‌సైట్‌లో ఎవరూ చదవని నాలుగు పేజీలు

మంగళగిరి నేత చీరలు అమ్మే ఒక చిన్న దుకాణం సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకుందనుకుందాం. ఫొటోలు ఎక్కించారు, ధరలు పెట్టారు, డబ్బు కట్టించుకునేందుకు పేమెంట్ గేట్‌వే సంస్థకు దరఖాస్తు చేశారు. అక్కడి నుంచి జవాబు వస్తుంది: సైట్‌లో ప్రైవసీ పాలసీ, నియమ నిబంధనలు, రిఫండ్, డెలివరీ పేజీలు, చిరునామా ఉండాలి, ఆ లింకులు పంపితేనే ఖాతా తెరుస్తాం. ఆ రాత్రికి సైట్ తయారుచేసిన కుర్రాడు ఇంకో సైట్ నుంచి ఆ పేజీలు దించి, పేరు మార్చి అతికిస్తాడు. ఖాతా తెరుచుకుంటుంది. ఆ పేజీల్లో ఏముందో దుకాణంలో ఎవరికీ తెలియదు. మొదటి గొడవ వచ్చిన రోజున చీర కొన్నావిడే వాటిని మొదటిసారి చదువుతుంది.

ఇలా అతికించిన పేజీలను కాస్త ఓపిగ్గా చదివితే ఎక్కడినుంచి వచ్చాయో ఇట్టే తెలిసిపోతుంది. పేరు మార్చడం మరిచిపోయిన చోట పాత కంపెనీ పేరు కనబడుతుంది. తగాదాలు కాలిఫోర్నియా చట్టాల ప్రకారం తీరతాయని రాసి ఉంటుంది. సైట్‌లో లేని మొబైల్ యాప్ గురించి, ఎన్నడూ ఇవ్వని నెలవారీ చందాల గురించి పేరాలు పేరాలే ఉంటాయి.

గేట్‌వే సంస్థలు ఊరికే అడగవు. ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సంస్థలకు రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో నియమాలు పెట్టింది. వ్యాపారి సైట్‌లో సేవా నిబంధనలు, సరుకు వాపసుకూ రిఫండ్‌కూ పట్టే గడువు స్పష్టంగా కనబడాలని వాటిలో చెప్పింది. అదే ఏడాది జులైలో కేంద్రం వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు తెచ్చింది. సొంత సరుకును సొంత సైట్‌లో క్రమం తప్పకుండా అమ్మే చిన్న దుకాణం కూడా వీటి కిందికి వస్తుంది. అమ్మకాలు ఇంత దాటితేనే వర్తిస్తాయన్న మినహాయింపు వాటిలో లేదు.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు దొర్లేది రిఫండ్ పేజీలో. పాత బిల్లు పుస్తకాల మీద అచ్చయ్యే ‘అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు’ అన్న వాక్యమే ఇప్పుడు ‘నో రిటర్న్, నో రిఫండ్’గా సైట్లలోకి ఎక్కింది. ఆ ఒక్క వాక్యంతో పని అయిపోయిందనుకుంటారు. ఈ-కామర్స్ నియమాలు అలా చెప్పవు. సరుకు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటించిన గుణాలు దానిలో లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా తిరిగి తీసుకోవడానికి గానీ డబ్బు ఇవ్వడానికి గానీ అమ్మకందారు నిరాకరించకూడదు. ఆలస్యం విషయంలో మాత్రం వరదల్లాంటి చేతిలో లేని కారణాలకు మినహాయింపు ఉంది. ‘నో రిఫండ్’ అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఈ సందర్భాల్లో అది నిలవదు.

ఒక ఆర్డరు తీసుకుని చూద్దాం. చీర 4,800 రూపాయలు, పంపే ఖర్చు 120, మొత్తం 4,920. పేజీలో ‘చేనేత, నిజాం అంచు, 7 రోజుల్లో డెలివరీ’ అని ఉంది. చీర అందాక నాలుగు రకాల ఫిర్యాదులు రావచ్చు. ఒకటి, రంగు నచ్చలేదు. రెండు, కొంగు దగ్గర పోగు తెగి చిరుగు ఉంది. మూడు, అది మగ్గం మీద నేసింది కాదు, పవర్‌లూమ్ చీర. నాలుగు, పెళ్లికని తెప్పించుకుంటే పెళ్లయిన వారానికి వచ్చింది.

వీటిలో మొదటిదాని మీదే దుకాణానికి పూర్తి స్వేచ్ఛ ఉంది. చీర బాగానే ఉండి, మనసు మారితే వాపసు తీసుకోవాలా వద్దా అన్నది అమ్మేవారి ఇష్టం. తీసుకోమని రాయవచ్చు, మార్పిడి మాత్రమే ఇస్తామనవచ్చు, ఫాల్ కుట్టించాకో జాకెట్టు ముక్క కత్తిరించాకో కుదరదనవచ్చు. మిగతా మూడూ అలా కాదు. చిరుగు లోపం. పవర్‌లూమ్ చీరను చేనేత అనడం ప్రకటించిన గుణం లేకపోవడం. మూడో వారంలో వచ్చింది గడువు దాటిన సరుకు. ఈ మూడింట్లో 4,920 రూపాయల సంగతి తేల్చేది చట్టమే.

ఇక్కడే ఇంకో అలవాటు ఉంది. పార్శిల్ విప్పుతున్నప్పుడు తీసిన వీడియో ఉంటేనే ఫిర్యాదు వింటామని చాలా చీరల పేజీలు రాస్తున్నాయి. విప్పాక చించి తిరిగి పంపేవాళ్లు ఉన్నమాట నిజమే కాబట్టి అమ్మేవారి భయం అర్థమవుతుంది. అయితే నియమాల్లో వీడియో అనే షరతు ఎక్కడా లేదు. వీడియో ఉంటే త్వరగా తేలుతుందని, లేకపోతే లోపం కనబడేలా ఫొటోలు పంపాలని రాయడం న్యాయం. వీడియో లేదన్న ఒక్క కారణంతో చిరిగిన చీరను వెనక్కి తీసుకోనంటే, ఆ మాటను వినియోగదారుల కమిషన్ ముందు సమర్థించుకోవడం కష్టం. పంపే ముందు దుకాణమే చీరను రెండు వైపులా విప్పి ఫొటో తీసి ఆర్డరు నంబరుతో దాచుకుంటే, తగాదాలో ఆ ఫొటోయే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఆ చీరల దుకాణం రిఫండ్ పేజీ ఇలా ఉండవచ్చు: “చీరలో లోపం ఉన్నా, సైట్‌లో చూపిన చీర కాకుండా మరొకటి వచ్చినా, అందిన 7 రోజుల్లో ఫొటోలతో రాయండి. తిరిగి పంపే ఖర్చు మాదే. చీర మాకు చేరిన 3 పనిదినాల్లో పూర్తి సొమ్ము, డెలివరీ ఖర్చుతో సహా, మీరు కట్టిన దారిలోనే వెనక్కి పంపుతాం. బ్యాంకు ఖాతాలో కనబడటానికి మరో 5 నుంచి 7 పనిదినాలు పట్టవచ్చు. రంగు, డిజైను నచ్చకపోతే మార్పిడి ఇస్తాం. అప్పుడు పంపే ఖర్చు మీదే.” ఇంతే. తిరిగి పంపే ఖర్చు ఎవరిదో ముందే చెప్పాలన్నది కూడా నియమమే. కట్టిన దారిలోనే అన్న మాట కూడా ఊరికే రాసింది కాదు. కొన్నావిడ ఒప్పుకుంటే తప్ప రిఫండును కట్టిన దారిలోనే పంపాలని రిజర్వు బ్యాంకు నియమం. యూపీఐలో కట్టిన డబ్బుకు బదులు ఆమె అడగని కూపన్ చేతిలో పెట్టడం కుదరదు.

ప్రైవసీ పేజీలో పొరపాటు ఇంకో రకంగా ఉంటుంది. అతికించిన పేజీ చాలా సార్లు ‘మీ వివరాలు ఎవ్వరికీ ఇవ్వం’ అంటుంది. మొదటి ఆర్డరుతోనే అది అబద్ధమైపోతుంది. కొన్నావిడ పేరు, చిరునామా, ఫోను నంబరు కొరియర్ సంస్థకు వెళ్తాయి. చెల్లింపు వివరాలు గేట్‌వేకి వెళ్తాయి. జాకెట్టు కుట్టించి పంపమంటే ఆమె శరీర కొలతలు దర్జీ చేతికి చేరతాయి. సైట్‌లో ఫేస్‌బుక్ ప్రకటనల కోడ్ ఉంటే ఏ చీర చూసిందో మెటా సంస్థకు తెలుస్తుంది. ఈ పేజీ రాయడానికి న్యాయభాష అక్కర్లేదు. ఆర్డరు వచ్చినప్పటి నుంచి పార్శిల్ అందేదాకా ఏ వివరం ఎవరి చేతికి, ఎందుకు వెళ్తోందో కాగితం మీద రాసుకుని, దాన్నే మామూలు మాటల్లో పెడితే చాలు. కొలతలు ఎన్నాళ్లు ఉంచుకుంటారో, తీసేయమంటే ఎవరికి రాయాలో కూడా అందులో ఉండాలి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అడిగేది కూడా ఇంచుమించు ఇదే. ఏ వివరాలు, ఏ పని కోసం తీసుకుంటున్నారో తేలిక భాషలో చెప్పాలి. ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలుండాలి. తెలుగు వాటిలో ఒకటి. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలిక కావాలి. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. నోటీసుకు, సమ్మతికి సంబంధించిన బాధ్యతలకు 18 నెలల వ్యవధి ఇచ్చారు, అంటే 2027 మే దాకా. ఆర్డరు కోసం ఇచ్చిన నంబరును పండుగ ఆఫర్ల వాట్సాప్ గ్రూపులో చేర్చే అలవాటు ఉన్న దుకాణాలు మొదట మార్చుకోవాల్సింది దాన్నే. డెలివరీకి ఇచ్చిన సమ్మతి ప్రచారానికి పనికిరాదు. దానికి విడిగా అడగాలి.

నియమ నిబంధనల పేజీ చిన్న దుకాణానికి ఒక పేజీ మించనక్కర్లేదు. మగ్గం చీరలో పోగుల తేడా సహజమని, తెర మీది రంగుకూ అసలు రంగుకూ కొంత తేడా ఉండవచ్చని, డబ్బు అందాకే ఆర్డరు ఖాయమని రాస్తే సరిపోతుంది. ‘వివాదాలు గుంటూరు కోర్టుల పరిధిలోనే’ అన్న వాక్యం చాలా మంది తప్పకుండా పెడతారు. అది పెట్టినంత మాత్రాన ఆదిలాబాద్‌లోని కొనుగోలుదారు గుంటూరు రానక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఆమె తను ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు.

నిబంధనలు ఎక్కడ పెట్టారన్నదీ లెక్కలోకి వస్తుంది. అమెరికాలో చెప్పులు, బూట్లు అమ్మే జాపోస్ సంస్థ నుంచి 2012 జనవరిలో సుమారు 2.4 కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి. జనం దావా వేస్తే, తగాదాలు మధ్యవర్తిత్వంలోనే తేల్చుకోవాలని మా నిబంధనల్లో ఉందని సంస్థ వాదించింది. నెవాడా ఫెడరల్ కోర్టు ఒప్పుకోలేదు. ఆ లింకు మిగతా లింకుల మధ్య పేజీ అడుగున కలిసిపోయి ఉంది, దాన్ని చూసి ఒప్పుకున్నారనడానికి ఆధారం లేదు, పైగా ఎప్పుడైనా మార్చుకునే హక్కు సంస్థ తన దగ్గరే ఉంచుకుంది అని చెప్పింది. అది అక్కడి తీర్పు. ఇక్కడి ఈ-కామర్స్ నియమాలు కూడా సమ్మతిని కొనేవారే స్పష్టంగా తెలపాలని, ముందే టిక్కు పెట్టిన గడి చెల్లదని అంటున్నాయి. అందుకే ఒప్పుకుంటున్నానన్న గడి చెల్లింపు బటను పక్కనే ఖాళీగా ఉండాలి, నిబంధనల లింకు అక్కడే కనబడాలి.

ఇక చిరునామా పేజీ. వాట్సాప్ నంబరు ఒక్కటే పెట్టి వదిలేసే సైట్లు చాలా ఉన్నాయి. వ్యాపారం అసలు పేరు, పూర్తి చిరునామా, ఈమెయిల్, ఫోను, ఫిర్యాదుల అధికారి పేరు, హోదా కనబడాలి. చిన్న దుకాణంలో యజమానే ఆ అధికారి కావచ్చు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలియజేయాలి, నెల లోపు తేల్చాలి. మగ్గాల చుట్టూ తిరిగే యజమానికి ఆ 48 గంటలే అసలు పరీక్ష, కనుక ఈమెయిల్‌కు దానంతట అదే జవాబు వెళ్లే ఏర్పాటు పెట్టుకోవడం మంచిది.

పేజీలు మార్చినప్పుడు పాత ప్రతిని తేదీతో దాచాలి. దసరాకు రిటర్న్ గడువు 7 రోజుల నుంచి 3 రోజులకు తగ్గిస్తే, ఆ మార్పు ముందు రోజు ఆర్డరు చేసినావిడకు వర్తించేది 7 రోజుల గడువే. ఆర్డరు ఖాయమైన ఈమెయిల్‌లోనే ఆనాటి రిఫండ్ నిబంధనలు అతికించి పంపితే, ఏది వర్తిస్తుందన్న వాదన రాదు.